ఎ నాన్న, బి అమ్మ, ఓ బిడ్డ

తండ్రిది ఎ గ్రూపు, తల్లిది బి గ్రూపు, బిడ్డది ఓ గ్రూపు. ఇదెలా? బ్లడ్ బ్యాంకు డాక్టరుగా హైస్కూలు పిల్లలతో మాట్లాడడానికి వెళ్లినప్పుడల్లా ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. కొందరు లేచి నిలబడి గట్టిగా అడుగుతారు. కొందరు అందరూ బయటికి వెళ్లేదాకా ఆగి, గుమ్మం దగ్గర మెల్లగా అడుగుతారు. ఇంట్లో ఎవరి గ్రూపుతోనూ కలవని గ్రూపు తనదని తెలిసిన పిల్లకి మనసులో ఎలాంటి సందేహం మెదులుతుందో నాకు తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ల మనసుల్లోనూ అలాంటి సందేహమే మెదిలిన సందర్భాలు మా బ్లడ్ బ్యాంకు బల్ల ముందే చూశాను. అందుకే ఈ పాఠాన్ని తొందరపడకుండా చెబుతాను. క్లాసులో ఎవరి అమ్మానాన్నల గ్రూపులూ అడగను. ఇంటి నుంచి కార్డులు తెమ్మని చెప్పే పద్ధతి కొన్ని బళ్లలో ఉంది. నాకది నచ్చదు. ఆ కార్డుల్లో తప్పులుంటాయి, ఆ తప్పు బయటపడడానికి నలభైమంది పిల్లల ముందు కన్నా చెడ్డచోటు ఉండదు. నా లెక్కల్లో అమ్మానాన్నలు బోర్డు మీద పుట్టి బోర్డు మీదే చెరిగిపోతారు.

పాఠానికి నాక్కావలసినవి రెండు ఖాళీ చాక్‌పీసు డబ్బాలు, కొన్ని చీటీలు. ఒక డబ్బా నాన్న, ఇంకొకటి అమ్మ. ఒక్కో డబ్బాలో సరిగ్గా రెండేసి చీటీలు ఉంటాయి. చీటీ మీద ఎ అని గానీ, బి అని గానీ, ఓ అని గానీ రాసి ఉంటుంది. ఈ చీటీలే జన్యువులు. మన ప్రతి కణంలోనూ తొమ్మిదో నంబరు క్రోమోజోములు రెండుంటాయి, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. రక్తం గ్రూపును నిర్ణయించే జన్యువు ఆ క్రోమోజోము మీదే ఉంటుంది. కాబట్టి ఎవరి దగ్గరైనా చీటీలు రెండే. మూడు ఉండవు, ఒకటీ ఉండదు. బిడ్డకు ఇచ్చేటప్పుడు మాత్రం ఆ రెండింట్లో ఒక్కటే వెళుతుంది, ఏది వెళుతుందో ఎవరి చేతిలోనూ లేదు.

ఇక చీటీలు చదివే నియమం. ఎ, ఓ కలిస్తే పైకి కనిపించేది ఎ. బి, ఓ కలిస్తే కనిపించేది బి. ఎ, బి కలిస్తే ఒకదాన్నొకటి అణచుకోవు, రెండూ కనిపిస్తాయి, అదే ఎబి గ్రూపు. రెండు చీటీలూ ఓ అయితేనే మనిషి ఓ గ్రూపు. అంటే ఎ గ్రూపు అని కార్డు మీద ఉన్న మనిషి దగ్గర ఎ–ఎ అయినా ఉండొచ్చు, ఎ–ఓ అయినా ఉండొచ్చు. ల్యాబులో మామూలుగా చేసే పరీక్షకు ఆ తేడా తెలియదు. రక్తం ఎక్కించడానికి ఆ తేడా అవసరమూ లేదు. అవసరం వచ్చేది పిల్లల దగ్గరే.

ఇక్కడ ఒక కుర్రాడు తప్పకుండా లేస్తాడు. "మేడం, ఓ ఎందుకు దాక్కుంటుంది? దానికి బలం తక్కువా?"

మంచి ప్రశ్న, మెండెల్ బఠాణీల పాఠంలో బహిర్గతం, అంతర్గతం అని చదువుకున్న పిల్లలకు అక్కడ దొరకని జవాబు ఇది. ఎర్ర రక్తకణం పైపొర మీద చిన్న చిన్న చక్కెర గొలుసులు ఉంటాయి. దాదాపు అందరిలోనూ ఆ గొలుసుకు హెచ్ అనే కొస ఉంటుంది. ఎ జన్యువు ఉన్నవాళ్లలో ఒక ఎంజైము తయారై, ఆ హెచ్ కొసకు ఒక రకం చక్కెరను తగిలిస్తుంది. బి జన్యువు చేసే ఎంజైము ఇంకో రకం చక్కెరను, గాలక్టోజును, తగిలిస్తుంది. ఆ రెండు ఎంజైములూ ఎంత దగ్గరివంటే, ఒక్కోదానిలో ఉన్న 354 అమైనో ఆమ్లాలలో తేడా నాలుగింటిలోనే. ఓ జన్యువు ఉన్నవాళ్లలో ఎంజైము పనిచేయదు, హెచ్ కొస ఉన్నదున్నట్టే మిగిలిపోతుంది.

ఎందుకు పనిచేయదో 1990లో తెలిసింది. ఎక్కువమంది ఓ గ్రూపువాళ్లలో ఆ జన్యువులోని వేల అక్షరాల్లో ఒక్క అక్షరం ఎగిరిపోయి ఉంటుంది. కణం జన్యువును మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. బోర్డు మీద నేను ఇలా రాస్తాను: పలక గడప కమల వరద. అన్నీ మూడక్షరాల మాటలే. ఇప్పుడు "గ" ఒక్కటి చెరిపి, మళ్లీ మూడేసి అక్షరాలుగా చదవమంటాను. పలక, డపక, మలవ, రద. క్లాసంతా నవ్వుతుంది. మొదటి మాట తప్ప ఏదీ మిగల్లేదు. ఓ జన్యువుకు జరిగిందీ అదే, ఒక్క అక్షరం పోయాక అక్కణ్నుంచి మొత్తం అర్థం లేని రాత. కాబట్టి ఓ చీటీని ఎవరూ అణచిపెట్టడం లేదు. అది ఏ పనీ చేయదు, అంతే. పక్కనున్న ఎ చీటీ తన పని తాను చేసుకుంటే కణం మీద ఎ చక్కెర కనిపిస్తుంది. ఓ గ్రూపు మనిషికి దీనివల్ల ఏ లోటూ లేదు. మన దగ్గర చాలామందిది ఆ గ్రూపే.

ఇప్పుడు మొదటి లెక్క. నాన్న డబ్బాలో ఎ–ఓ, అమ్మ డబ్బాలో బి–ఓ. ఇద్దరు పిల్లలు వచ్చి కళ్లు మూసుకుని ఒక్కో డబ్బా నుంచి ఒక్కో చీటీ తీస్తారు. నాన్న నుంచి ఎ, అమ్మ నుంచి బి వస్తే బిడ్డ ఎబి. ఎ, ఓ వస్తే ఎ గ్రూపు. ఓ, బి వస్తే బి గ్రూపు. రెండు డబ్బాల నుంచీ ఓ వస్తే బిడ్డ ఓ గ్రూపు. నాలుగు రకాల కలయికలు, నాలుగు గ్రూపులు, నాలుగింటికీ సమానమైన అవకాశం. ఎ నాన్నకు, బి అమ్మకు ఓ బిడ్డ పుట్టడంలో వింత ఏమీ లేదు. పైగా ఆ ఓ బిడ్డ మనకు ఒక సంగతి చెబుతోంది. రెండు ఓ చీటీల్లో ఒకటి నాన్న ఇచ్చిందే, ఒకటి అమ్మ ఇచ్చిందే. కాబట్టి నాన్న తప్పకుండా ఎ–ఓ, అమ్మ తప్పకుండా బి–ఓ. కార్డు చెప్పని విషయాన్ని బిడ్డ చెప్పింది.

"నలుగురు పిల్లలుంటే తలా ఒక గ్రూపు వస్తుందా, మేడం?" రాదు, తల్లీ. చీటీ తీసి చూశాక మళ్లీ డబ్బాలో వేసేస్తాం కదా, రెండో బిడ్డకు మళ్లీ మొదటి నుంచే. డబ్బాకు మొదటిసారి ఏం వచ్చిందో గుర్తుండదు. నలుగురికి నలుగురూ బి అవ్వొచ్చు. ఈ మాట చెప్పి ఊరుకోను. పిల్లల చేత వరసగా ఇరవై ముప్ఫై సార్లు చీటీలు తీయించి, బోర్డు మీద గీతలు పెట్టిస్తాను. ఒకసారి వరసగా మూడు ఓలు పడతాయి, ఇంకోసారి ఎబి ఎంతకీ రాదు. గీతలు పెరిగేకొద్దీ నాలుగు గ్రూపులూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. అవకాశం అంటే ఏమిటో నా మాటల కన్నా ఆ గీతలే బాగా చెబుతాయి.

రెండో లెక్క నాకు చాలా ఇష్టమైనది. నాన్న ఎబి, అమ్మ ఓ. నాన్న డబ్బాలో ఎ, బి. అమ్మ డబ్బాలో ఓ, ఓ. బిడ్డకు అమ్మ నుంచి ఎప్పుడూ ఓనే వస్తుంది, నాన్న నుంచి ఎ గానీ బి గానీ వస్తుంది. అంటే పిల్లలు ఎ గ్రూపు అవుతారు, లేదా బి గ్రూపు అవుతారు. ఎబి కారు, ఓ కారు. ఎంతమంది పుట్టినా ఒక్కరికీ అమ్మ గ్రూపూ రాదు, నాన్న గ్రూపూ రాదు! పిల్లలు దీన్ని ఒకసారి విని నమ్మరు, డబ్బాలు ముందుకు లాక్కుని తామే తీసి చూస్తారు.

ఈ లెక్క దగ్గర శాస్త్రవేత్తలే కొన్నేళ్లు తడబడ్డారు. వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన తోటివారి రక్తాలు కలిపి చూసి, గ్రూపులు ఉన్నాయని 1901లో ప్రకటించాడు. మరుసటి ఏడు ఎబి గ్రూపు బయటపడింది. గ్రూపులు తల్లిదండ్రుల నుంచి మెండెల్ సూత్రాల ప్రకారమే వస్తాయని 1910 నాటికి డుంగెర్న్, హిర్జ్‌ఫెల్డ్ అనే ఇద్దరు చూపించారు. అయితే వాళ్లు ఎ కోసం ఒక జత, బి కోసం వేరే జత జన్యువులు ఉంటాయని అనుకున్నారు. అదే నిజమైతే ఎబి నాన్నకు, ఓ అమ్మకు నాలుగు గ్రూపుల పిల్లలూ పుట్టవచ్చు. గణిత ప్రొఫెసరు ఫెలిక్స్ బెర్న్‌స్టైన్ 1924లో దీన్ని కాగితం మీద తేల్చాడు. జనంలో ఏ గ్రూపు ఎందరిదో చూపే లెక్కలు అప్పటికే దేశదేశాల నుంచి పోగయ్యాయి. రెండు జతలు ఉంటే ఆ లెక్కలు ఎలా ఉండాలో, ఒకే చోట మూడు రకాల చీటీలు ఉంటే ఎలా ఉండాలో రెండూ వేసి చూశాడు. నిజమైన జనం రెండో లెక్కకే సరిపోయారు. మన రెండు డబ్బాల ఆట ఆయన తేల్చిన నియమమే.

ఈ నియమం కోర్టుకూ వెళ్లింది. నటుడు చార్లీ చాప్లిన్ తన బిడ్డకు తండ్రి అని జోన్ బ్యారీ అనే యువతి అమెరికాలో దావా వేసింది. 1944లో ముగ్గురి రక్తమూ పరీక్షించారు. తల్లి ఎ, బిడ్డ బి, చాప్లిన్ ఓ. ఈ కేసును పిల్లల చేతే విప్పిస్తాను. బిడ్డ బి గ్రూపు కనుక బిడ్డ దగ్గర ఒక బి చీటీ ఉండి తీరాలి. తల్లి ఎ గ్రూపు, ఆమె దగ్గర ఎ–ఎ ఉన్నా, ఎ–ఓ ఉన్నా బి లేదు. కాబట్టి బి ఇచ్చింది తండ్రే. తండ్రి బి గానీ ఎబి గానీ అయి ఉండాలి. చాప్లిన్ ఓ గ్రూపు, ఆయన దగ్గర బి లేదు. ఆయన తండ్రి కాడు. పదో తరగతి పిల్లలు రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. ఆ కోర్టులో మాత్రం 1945లో జ్యూరీ ఆయనే తండ్రి అని తీర్పు చెప్పింది. రక్తపరీక్ష తుదిమాట అని అప్పటి కాలిఫోర్నియా చట్టం ఒప్పుకోలేదు. ఆ చట్టం 1953లో మారింది.

ఈ కేసు చెప్పిన వెంటనే దాని హద్దు కూడా చెప్పాలి. గ్రూపు "ఈయన కాడు" అని చెప్పగలదు. "ఈయనే" అని ఎప్పటికీ చెప్పలేదు. ఆ బిడ్డకు బి గ్రూపు మగవాడెవరైనా తండ్రి అయ్యుండొచ్చు, అలాంటివాళ్లు లక్షల్లో ఉంటారు. అందుకే ఇప్పుడు కోర్టులు డీఎన్ఏ పరీక్షనే అడుగుతాయి. గ్రూపు చూసి ఇంట్లో తీర్పులు చెప్పుకోవడం తప్పు.

ఇంతకీ గ్రూపు పక్కన పాజిటివ్, నెగెటివ్ అని ఉంటుందే, దాని సంగతి? అది వేరే జన్యువు, ఒకటో నంబరు క్రోమోజోము మీద ఉంటుంది. అక్కడ చీటీలు రెండు రకాలే, డి ఉన్నది, డి లేనిది. ఒక్క డి ఉన్నా మనిషి పాజిటివ్. రెండు చీటీలూ డి లేనివైతే నెగెటివ్. నాన్న దగ్గర డి ఒకటే, అమ్మ దగ్గరా డి ఒకటే అనుకుందాం. ఇద్దరూ పాజిటివే. ఇద్దరి నుంచీ డి లేని చీటీ రావడానికి నాలుగింట ఒక అవకాశం, అలా వచ్చిన బిడ్డ నెగెటివ్. నెగెటివ్ తల్లిదండ్రులిద్దరికీ మామూలుగా పిల్లలందరూ నెగెటివే.

ఇక్కడ కాస్త లెక్కలు బాగా వచ్చిన పిల్లలకు ఒక ప్రశ్న వేస్తాను. నాన్న ఎ పాజిటివ్, అమ్మ బి పాజిటివ్, ఇద్దరి దగ్గరా దాక్కున్న చీటీలు ఉన్నాయి. బిడ్డ ఓ నెగెటివ్ అయ్యే అవకాశం ఎంత? ఓ అవడానికి నాలుగింట ఒకటి. నెగెటివ్ అవడానికి నాలుగింట ఒకటి. రెండు జన్యువులూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి కాబట్టి ఒకదాని చీటీకి రెండోదానితో పనిలేదు. నాలుగు నాళ్లు పదహారు, పదహారింట ఒకటి. తల్లిదండ్రుల కార్డుల్లో ఓ అనే అక్షరమూ లేదు, నెగెటివ్ అనే మాటా లేదు. అయినా బిడ్డ కార్డులో రెండూ ఉండొచ్చు.

సరే, నియమానికి నిజంగానే కలవని కార్డు చేతికొస్తే? ఓ తల్లికి, బి తండ్రికి ఎ గ్రూపు బిడ్డ అనుకోండి. డబ్బాలతో ఎన్నిసార్లు తీసినా అది రాదు. అప్పుడు ముందు అనుమానించాల్సింది మనుషుల్ని కాదు, కార్డుని. శిబిరాల్లో గాజుపలక మీద రక్తపు చుక్క, పరీక్ష ద్రవం చుక్క కలిపి, గడ్డలు కట్టిందా లేదా అని కంటితో చూస్తారు. ఆలస్యంగా చూస్తే అంచులు ఎండి, గడ్డ కట్టినట్టే కనిపిస్తుంది. ద్రవాన్ని ఫ్రిజ్‌లో పెట్టకపోతే దాని పదును తగ్గుతుంది. పేర్లు తారుమారవుతాయి. ఇవి కాక, ఎ లో బలహీనమైన రకాలున్నాయి. అలాంటి ఎ, బి తో కలిసి ఉంటే పలక మీద బి ఒక్కటే కనిపించి, ఎబి మనిషి కార్డు మీద బి అని పడుతుంది. పైన చెప్పిన తండ్రి నిజానికి ఎబి అయితే బిడ్డ ఎ కావడం చాలా మామూలు సంగతి.

బ్లడ్ బ్యాంకులో మేం పరీక్షను రెండు వైపుల నుంచీ చేస్తాం. మొదట కణాల మీద ఎ, బి ఉన్నాయా అని చూస్తాం. తర్వాత ప్లాస్మాలోని యాంటీబాడీలను చూస్తాం. ఎ గ్రూపు మనిషి ప్లాస్మాలో బి కి వ్యతిరేకమైనవి ఉండాలి, ఓ గ్రూపులో రెండింటికీ ఉండాలి. రెండు జవాబులూ ఒకటే చెబితేనే కార్డు మీద రాస్తాం. పుట్టిన బిడ్డకు సొంత యాంటీబాడీలు ఇంకా తయారుకావు, అవి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. కాబట్టి పుట్టినప్పుడు ఒకే వైపు చేసిన పరీక్ష కాగితాన్ని పట్టుకుని ఉన్నవాళ్లు పెద్దయ్యాక మళ్లీ చేయించుకోవాలి.

అన్నీ సరిగ్గా చేశాక కూడా కలవకపోతే? అరుదుగా అలాంటిదీ ఉంది. దాన్ని కనిపెట్టింది మన దేశంలోనే. 1952లో బొంబాయిలో డాక్టర్ వై. ఎం. భెండే, ఆయన సహచరులు ఒక వింత రక్తాన్ని చూశారు. చూడ్డానికి ఓ గ్రూపులా ఉంది, కానీ ఏ ఓ గ్రూపు రక్తమూ దానికి సరిపోలేదు. ఇందాక చక్కెర గొలుసు చివర హెచ్ అనే కొస ఉంటుందని చెప్పాను. ఆ కొసను తయారుచేసే జన్యువు పంతొమ్మిదో క్రోమోజోము మీద ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ దాని చెడిన చీటీలే వస్తే హెచ్ కొసే తయారుకాదు. కొస లేకపోతే ఎ ఎంజైము గానీ బి ఎంజైము గానీ చక్కెరను దేనికి తగిలిస్తుంది? తొమ్మిదో క్రోమోజోము మీద బి చీటీ బాగానే ఉన్నా, కణం మీద ఏమీ కనిపించదు. మామూలు పరీక్ష ఆ మనిషిని ఓ అంటుంది. దీన్నే బాంబే గ్రూపు అంటారు. మన దేశంలో పదివేలమందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

ఇప్పుడు లెక్క చూడండి. తల్లి కార్డు ఓ, తండ్రి కార్డు ఓ, బిడ్డ బి. మామూలు నియమం ప్రకారం జరగనిది. కానీ తల్లి నిజానికి బాంబే గ్రూపు, ఆమె దగ్గర బయటపడని బి చీటీ ఒకటి ఉంది. బిడ్డకు అది వెళ్లింది. తండ్రి అసలైన ఓ, ఆయన దగ్గర మంచి హెచ్ చీటీ ఉంది. అదీ బిడ్డకు వెళ్లింది. తండ్రి ఇచ్చిన హెచ్ కొసకు తల్లి ఇచ్చిన బి ఎంజైము చక్కెరను తగిలించింది. తల్లిలో దాగిన గ్రూపు బిడ్డలో బయటపడింది.

హెచ్‌ను గుర్తించే ద్రవం ఒక చుక్క వేస్తే తేడా తెలిసిపోతుంది. మామూలు ఓ కణాలు గట్టిగా గడ్డ కడతాయి, బాంబే కణాలు కదలవు. ఈ తేడా తెలియకుండా ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే బాంబే మనిషి ప్లాస్మాలో హెచ్‌కే వ్యతిరేకమైన యాంటీబాడీలు ఉంటాయి. రక్తం ఎక్కించేముందు సంచిలోని కణాలను రోగి ప్లాస్మాతో కలిపి చూడడం ఇందుకే తప్పనిసరి. ఓ అని రాసి ఉన్న రోగికి ఒక్క ఓ సంచీ కలవలేదంటే ముందు బాంబే గ్రూపే గుర్తుకు రావాలి.

వాళ్లకు బాంబే గ్రూపు రక్తమే ఎక్కించాలి. దాన్ని ఎక్కడ వెతకాలి? పిల్లలు డబ్బాల వైపు చూసి తామే చెబుతారు. ఆ మనిషి తల్లిదండ్రులు మామూలు గ్రూపులవాళ్లే అయితే ఇద్దరి దగ్గరా ఒక మంచి హెచ్ చీటీ, ఒక చెడిన చీటీ ఉండి ఉంటాయి. అలాంటి ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ బాంబే గ్రూపు రావడానికి నాలుగింట ఒక అవకాశం. బయట పదివేలలో ఒకరైతే, సొంత అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో నలుగురిలో ఒకరు. అందుకే బాంబే గ్రూపు రోగి ఎవరైనా మా దగ్గరికి వస్తే, దాతల జాబితా తెరవకముందే మేం అడిగే మొదటి ప్రశ్న, "మీకు తోబుట్టువులు ఎంతమంది?"